రిటైరయ్యాక మళ్లీ ఉద్యోగం: పెన్షన్ ఆగదు, పీఎఫ్ విషయంలోనే జాగ్రత్త పడాలి

ప్రశ్న: పటాన్‌చెరు దగ్గర ఒక మందుల కంపెనీలో 28 ఏళ్లు పనిచేసి గత నెల 58 ఏళ్లకు రిటైరయ్యాను. పీఎఫ్‌లో 19 లక్షలు ఉన్నాయి, ఇంకా తీయలేదు. ఈపీఎస్ పెన్షన్ నెలకు సుమారు 4,300 వస్తుందని ఆఫీసులో చెప్పారు, ఫారం ఇంకా వేయలేదు. ఇప్పుడు పాశమైలారంలో మరో కంపెనీ మూడేళ్లకు రమ్మంటోంది. బేసిక్ 20,000, మొత్తం 32,000. చేరితే పెన్షన్ ఆగిపోతుందని స్నేహితులు భయపెడుతున్నారు. కొత్త కంపెనీ హెచ్ఆర్ ఏమో "పాత పీఎఫ్ మొత్తం తీసేసుకుని రండి, అప్పుడు మీకు పీఎఫ్ కటింగ్ ఉండదు" అంటున్నారు. ఏం చేయాలి? కొత్త ఉద్యోగంతో పెన్షన్ ఏమైనా పెరుగుతుందా? గ్రాట్యుటీ మళ్లీ వస్తుందా? ప్రస్తుతానికి పెద్ద ఖర్చులేమీ లేవు.
- ఒక పాఠకుడు, పటాన్‌చెరు

సమాధానం:

పెన్షన్ ఆగదండీ. ఆ భయం ముందు వదిలేయండి. 58 నిండి, పదేళ్ల సర్వీసు ఉన్నవారికి ఈపీఎస్ పెన్షన్ హక్కుగా వస్తుంది. ఆ తర్వాత ప్రైవేటు కంపెనీలో చేరినా, ఎంత జీతం తీసుకున్నా అందులోంచి ఒక్క రూపాయి తగ్గించరు. ఈ పుకారు ఎక్కువగా ప్రభుత్వ ఉద్యోగుల నిబంధనల నుంచి వస్తుంది. ప్రభుత్వ పెన్షనర్లను మళ్లీ ప్రభుత్వంలోకి తీసుకుంటే పెన్షన్‌ను లెక్కలోకి తీసుకుని జీతం ఖరారు చేసే పద్ధతి ఉంది. దాన్ని విన్నవాళ్లు మనకూ అంతే అనుకుంటారు. ఏటా ఇచ్చే జీవన్ ప్రమాణ్ సర్టిఫికెట్‌లో "మళ్లీ ఉద్యోగంలో చేరారా?" అని ఒక ప్రశ్న కనిపిస్తుంది. అది చూసి చాలామంది టెన్షన్ పడి "లేదు" అని పెట్టేస్తుంటారు. ఆ పత్రం అన్ని రకాల పెన్షనర్లకూ ఉమ్మడిది కాబట్టి ఆ ప్రశ్న అందులో ఉంది. మీరు నిజమే రాయండి, మీ పెన్షన్‌కు ఏమీ కాదు.

అయితే కొత్త ఉద్యోగంతో పెన్షన్ పెరగదు కూడా. మీ విషయంలో మిగతా లెక్కలన్నీ దీని మీదే ఆధారపడతాయి. మన పీఎఫ్‌లో నిజానికి రెండు వేర్వేరు పథకాలున్నాయి. ఒకటి భవిష్యనిధి, అంటే మీ 19 లక్షలు. రెండోది పెన్షన్ పథకం. పెన్షన్ పథకంలో సభ్యత్వం 58 నిండగానే ముగుస్తుంది. భవిష్యనిధికి అలాంటి వయసు హద్దు లేదు, ఉద్యోగం చేస్తున్నంత కాలం కట్టుకోవచ్చు.

మీరు ఉద్యోగంలో ఉన్నప్పుడు కంపెనీ కట్టిన 12 శాతం మొత్తం మీ ఖాతాలో పడేది కాదు. పీఎఫ్ లెక్కకు జీతం పరిమితి అయిన 15,000 మీద చూస్తే కంపెనీ వాటా 1,800. అందులోంచి జీతంలో 8.33 శాతం, అంటే 1,250 పెన్షన్ నిధికి వెళ్లేది. మిగిలిన 550 మాత్రమే మీ పీఎఫ్‌లో పడేది. ఇప్పుడు 58 దాటారు కాబట్టి కొత్త కంపెనీ ఆ 1,250ని పెన్షన్ నిధికి పంపకూడదు. కంపెనీ వాటా 1,800 మొత్తం, మీ జీతంలో కోసే 1,800తో పాటు, మీ పీఎఫ్ ఖాతాలోనే పడాలి. కొత్త పెన్షన్ రాకపోవడానికి బదులుగా దొరికేది ఇదే. మూడేళ్లలో ఈ 1,250లే 45,000 అవుతాయి, వడ్డీ అదనం.

దీనికి ఒక్క మినహాయింపు ఉంది. 58కే పెన్షన్ తీసుకోకుండా 60 వరకు వాయిదా వేసుకునే వీలు 2016 నుంచి ఉంది. ఆగిన ఒక్కో ఏడాదికి పెన్షన్ 4 శాతం పెరుగుతుంది. మీ 4,300 మీద రెండేళ్లకు పెరిగేది నెలకు సుమారు 344. దానికోసం 24 నెలల పెన్షన్, అంటే 1,03,200 వదులుకోవాలి. ఆ వదులుకున్న డబ్బు నెలకు 344 చొప్పున తిరిగి రావడానికి 300 నెలలు పడుతుంది. అంటే మీకు 85 ఏళ్లు వచ్చేదాకా ఈ బేరం నష్టమే. వాయిదా కాలంలో పెన్షన్ వాటా కూడా కడతానని ఆప్షన్ ఇస్తే సర్వీసు రెండేళ్లు పెరిగి లాభం నెలకు సుమారు 800 దాకా వెళ్తుంది. అప్పుడు కూడా, కట్టిన 30,000 కలిపి చూస్తే, 74 దాటాకే ఫలితం కనిపిస్తుంది. మీ తర్వాత మీ భార్యకు వచ్చే పెన్షన్ మీ పెన్షన్‌లో సగమే కాబట్టి పెరిగిన దానిలో ఆమెకు దక్కేదీ సగమే. నా సలహా అయితే వాయిదా వేయకండి. చేతికి వచ్చే 4,300ని ఇప్పుడే తీసుకుని, అక్కర్లేకపోతే నెలనెలా ఆర్‌డీలో వేసుకున్నా అంతకన్నా మేలు.

ఇక మీ హెచ్ఆర్ మాట. ఆయన చెప్పింది అబద్ధం కాదు. 55 దాటాక రిటైరై పీఎఫ్ మొత్తం తీసేసుకున్నవారిని నిబంధనల ప్రకారం పీఎఫ్ నుంచి మినహాయించిన ఉద్యోగిగా చూస్తారు. అలాంటివారు మళ్లీ ఎక్కడ చేరినా కంపెనీ వారికి పీఎఫ్ కట్టనవసరం లేదు. మీ డబ్బు ఖాతాలోనే ఉంటే మాత్రం మీరు పాత సభ్యులే. అప్పుడు కొత్త జీతం 15,000 దాటినా సరే, కనీసం 15,000 మీద కంపెనీ పీఎఫ్ కట్టి తీరాలి. అంటే మీరు డబ్బు తీసుకుంటే కంపెనీకి నెలకు 1,800 మిగులుతుంది. ఆ సలహా ఎవరి మేలు కోరి ఇచ్చిందో ఆయన్నే ఒక ప్రశ్న అడిగి తెలుసుకోవచ్చు: "పీఎఫ్ లేకపోతే మీ వాటా 1,800 నా జీతంలో కలుపుతారా?" ఆ 32,000లో కంపెనీ వాటా ముందే కలిపి ఉందా, లేక దాని పైన అదనంగా కడతారా అన్నది కాగితం మీద చూడండి. కలిపే ఉంటే, పీఎఫ్ వద్దనుకున్నప్పుడు ఆ డబ్బు మీ చేతికి రావాలి. అదనంగా కట్టేదైతే, పీఎఫ్ వద్దనడమంటే నెలకు 1,800 వదులుకోవడమే.

మీకు పెద్ద ఖర్చులేమీ లేవన్నారు కాబట్టి నేనైతే డబ్బు తీయకుండా కొత్త ఖాతాకు బదిలీ చేసుకోమంటాను. అందుకు మూడు కారణాలున్నాయి.

మొదటిది వడ్డీ. 2024-25కి పీఎఫ్ వడ్డీ 8.25 శాతం. 19 లక్షల మీద ఏడాదికి లక్షన్నర పైనే. ఈ వయసులో ఇంత భద్రంగా అంత వడ్డీ ఇచ్చే చోటు దొరకడం కష్టం. పాత ఖాతాను బదిలీ చేయకుండా అలాగే వదిలేస్తే రిటైరైన 36 నెలల తర్వాత వడ్డీ ఆగిపోతుంది. పైగా ఉద్యోగం మానేశాక వచ్చే వడ్డీకి పన్ను కట్టాలి. బదిలీ చేసుకుని కొత్త కంపెనీలో పీఎఫ్ కడుతున్నంత కాలం ఈ రెండు ఇబ్బందులూ ఉండవు.

రెండోది పన్ను. పాతది మొత్తం తీసేసుకుని కొత్త చోట మళ్లీ సున్నా నుంచి పీఎఫ్ మొదలుపెడితే (కంపెనీ, మీరు కలిసి పీఎఫ్ కార్యాలయానికి ఉమ్మడి దరఖాస్తు పెడితే అది సాధ్యమే) మీ సర్వీసు కూడా సున్నా నుంచే మొదలవుతుంది. ఐదేళ్లు నిండకుండా తీస్తే ఆ కొత్త డబ్బు మీద పన్ను పడే అవకాశం ఉంది. బదిలీ చేసుకుంటే పాత 28 ఏళ్లూ కలుస్తాయి కాబట్టి మూడేళ్లకే తీసినా ఆ సమస్య రాదు.

మూడోది చాలామంది దృష్టికి రానిది, నాకు అన్నింటికన్నా ముఖ్యంగా కనిపించేది: ఈడీఎల్ఐ బీమా. పెన్షన్ సభ్యత్వం 58కి ముగిసినా, పీఎఫ్ కడుతున్నంత కాలం కంపెనీ ఈ బీమాకు 15,000 మీద అర శాతం, అంటే నెలకు 75 రూపాయలు కట్టాల్సిందే. మీ జీతంలోంచి దీనికి ఏమీ కోయరు. సర్వీసులో ఉండగా సభ్యుడికి ఏమైనా జరిగితే కుటుంబానికి సగటు జీతానికి 35 రెట్లు, అంటే 15,000 పరిమితి మీద 5,25,000 వస్తుంది. దానికి తోడు గత 12 నెలల్లో పీఎఫ్ ఖాతాలో ఉన్న సగటు నిల్వలో సగం, గరిష్ఠంగా 1,75,000. మొత్తం 7 లక్షలు. మీ 19 లక్షలు ఖాతాలో ఉంటే ఆ రెండో భాగం పూర్తిగా వస్తుంది. అదే డబ్బంతా తీసేసి కొత్తగా మొదలుపెడితే నిల్వ కొద్దిగానే ఉంటుంది, కాబట్టి ఆ భాగం చాలా తగ్గిపోతుంది. పీఎఫ్ వద్దని చేరితే ఈ బీమాయే ఉండదు. 58 దాటిన మనిషి బయట 7 లక్షల టర్మ్ పాలసీ కొనాలంటే ప్రీమియం ఎంతో, వైద్య పరీక్షలు ఎన్నో ఒకసారి కనుక్కోండి.

బదిలీలో ఒక ఇబ్బంది మాత్రం ఉంది, అది కూడా తెలుసుకునే నిర్ణయం తీసుకోండి. కొత్త ఉద్యోగంలో ఉన్నంత కాలం మొత్తం తీసి ఖాతా మూసే వీలుండదు, అవసరాలకు కొంత భాగం తీసుకోవడమే. అమ్మాయి పెళ్లో, ఇంటి అప్పు తీర్చడమో దగ్గర్లో ఉండి మొత్తం కావాలనుకుంటే కొత్త చోట చేరకముందే తీసుకోవాలి. 55 దాటి రిటైరైనవారు రిటైర్‌మెంట్ కారణం మీద వెంటనే ఫారం 19 వేయొచ్చు. చేరాక "ఇప్పుడు తీసుకుంటాను" అంటే క్లెయిమ్ తిరిగొస్తుంది.

పనుల వరుస కూడా ముఖ్యమే. ముందు యూఏఎన్ పోర్టల్‌లోకి వెళ్లి పాత కంపెనీ మీ ఉద్యోగం ముగిసిన తేదీ వేసిందో లేదో, కారణం రిటైర్‌మెంట్ అని ఉందో లేదో చూడండి. ఈ తేదీ లేక ఆగిపోయే క్లెయిములు చాలా ఎక్కువ. ఆధార్‌లో, పీఎఫ్‌లో పుట్టిన తేదీ ఒక్కటేనా అన్నది కూడా చూడండి. 58 ఎప్పుడు నిండిందో ఆ తేదీయే నిర్ణయిస్తుంది. తర్వాత పాత సర్వీసు మీద పెన్షన్ కోసం ఫారం 10డి వేయండి. కొత్త ఉద్యోగంలో చేరాక కూడా వేయొచ్చు గానీ, పాత కంపెనీ వాళ్లు మీకు ఇంకా పరిచయంగా ఉన్నప్పుడే ఆ పని ముగించుకోవడం మంచిది. ఏదైనా కాగితం కావాలన్నా అక్కడే దొరుకుతుంది. ఆ తర్వాతే పీఎఫ్ డబ్బు బదిలీకి పెట్టుకోండి. కొత్త కంపెనీకి పాత యూఏఎన్ నంబరే ఇవ్వండి, ఇంకో నంబరు తీయనివ్వకండి. చేరేటప్పుడు ఇచ్చే ఫారం 11లో పాత పీఎఫ్, పెన్షన్ సభ్యత్వాల వివరాలు దాచకుండా రాయండి. 58 నిండిందని, పెన్షన్ వాటా వర్తించదని హెచ్ఆర్‌కు ఒక మెయిల్ కూడా పెట్టండి.

ఆ మెయిల్ ఎందుకంటే, ఇక్కడ జరిగే పొరపాటు తరచుగా జరిగేదే. జీతాలు వేసే సాఫ్ట్‌వేర్‌లో అందరికీ ఒకే లెక్క పెట్టేసి, 58 దాటినవారి 1,250 కూడా పెన్షన్ నిధికి పంపేస్తుంటారు. దాంతో మీ పెన్షన్ పెరగదు, మీ పీఎఫ్‌లోనూ పడదు. దీన్ని కనిపెట్టడం సులువే. మొదటి రెండు నెలల జీతం పడ్డాక passbook.epfindia.gov.in లో పాస్‌బుక్ తెరవండి. అందులో మీ వాటా, కంపెనీ వాటా, పెన్షన్ వాటా అని మూడు వరుసలుంటాయి. మీ వాటా 1,800, కంపెనీ వాటా 1,800, పెన్షన్ వాటా సున్నా ఉంటే సరిగా ఉన్నట్టు. 1,800, 550, 1,250 అని కనిపిస్తే తప్పు జరిగిందన్నమాట. అప్పుడు కంపెనీ చేత ప్రాంతీయ పీఎఫ్ కార్యాలయానికి లేఖ రాయించాలి. పొరపాటున ఖాతా నంబరు 10లో, అంటే పెన్షన్ నిధిలో, జమ అయిన మొత్తాన్ని ఖాతా నంబరు 1కి, అంటే పీఎఫ్‌కి మార్చమని అందులో అడగాలి. రెండు నెలలప్పుడు సరిచేయించడం తేలిక. మూడేళ్లయ్యాక, కంపెనీలో మనుషులు మారాక చాలా తిరగాల్సి వస్తుంది.

ఇక్కడ ఇంకొకరి కోసం ఒక్క మాట. 50 దాటాక, 58 నిండకముందే తగ్గించిన పెన్షన్ తీసుకుని మళ్లీ ఉద్యోగంలో చేరినవాళ్లకూ ఇదే లెక్క వర్తిస్తుంది. వయసు 54 అయినా సరే, పెన్షనరు అయ్యాక పెన్షన్ నిధికి ఏమీ వెళ్లకూడదు, కంపెనీ వాటా మొత్తం పీఎఫ్‌లోనే పడాలి. ముందే తీసుకున్నందుకు ఏడాదికి 4 శాతం చొప్పున తగ్గిన పెన్షన్ కూడా మళ్లీ ఉద్యోగం చేసినంత మాత్రాన పూర్తి పెన్షన్ కాదు. అందుకే నడివయసులో వీఆర్‌ఎస్ తీసుకున్నవాళ్లకు, మళ్లీ ఉద్యోగం చేసే ఆలోచన ఏమాత్రం ఉన్నా పెన్షన్‌కు తొందరపడొద్దని చెబుతుంటాను.

గ్రాట్యుటీ గురించి. పాత కంపెనీ గ్రాట్యుటీ ఆ 28 ఏళ్లతో ముగిసింది, అది కొత్త సర్వీసుతో కలవదు. కొత్త కంపెనీలో లెక్క మొదటి రోజు నుంచి మొదలవుతుంది. మామూలు ఉద్యోగానికైతే ఐదేళ్లు నిండాలి, మీకున్నవి మూడేళ్లే. అయితే 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లో, నిర్ణీత కాలానికి తీసుకున్న ఉద్యోగికి ఐదేళ్ల నిబంధన లేదు. గడువు ముగిసి బయటికొచ్చినప్పుడు పనిచేసిన కాలానికి తగ్గట్టు గ్రాట్యుటీ ఇవ్వాలి. మీ లెక్కలో 20,000ను 26తో భాగించి, 15తో, మూడేళ్లతో గుణిస్తే 34,615 అవుతుంది. ఇది దక్కాలంటే అపాయింట్‌మెంట్ లెటర్‌లో మీరు కంపెనీ ఉద్యోగి అని, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు నిర్ణీత కాల నియామకం అని స్పష్టంగా ఉండాలి. ఏ తేదీలూ లేని మామూలు లెటర్ ఇచ్చి, మూడేళ్లకు "ఇక చాలు" అని పంపేస్తే ఐదేళ్లు నిండలేదనే మాట వినాల్సి వస్తుంది. గడువు మధ్యలో మీరే రాజీనామా చేస్తే మీ వాదన బలహీనపడుతుందన్నది కూడా గుర్తుంచుకోండి. గ్రాట్యుటీ మీద పన్ను మినహాయింపు జీవితం మొత్తానికి అన్ని కంపెనీలూ కలిపి 20 లక్షలు, పాత చోట తీసుకున్నది అందులోంచి తీసేయాలి.

రిటైరైనవారికి కొన్ని కంపెనీలు "కన్సల్టెంట్" లెటర్ ఇస్తున్నాయి. రోజూ అదే షిఫ్టు, అదే పని, పేరు మాత్రం వేరు. ఆ లెటర్ మీద జీతం బదులు ఫీజు ఇస్తారు, సాధారణంగా 10 శాతం టీడీఎస్ కోస్తారు. పీఎఫ్ ఉండదు, ఈడీఎల్ఐ ఉండదు, గ్రాట్యుటీ ఉండదు. పైన మీకు చెప్పినవేవీ వర్తించవు. వారానికి రెండు రోజులు వెళ్లి సలహా ఇచ్చే మనిషికి అది సరిపోవచ్చు. రోజుకు ఎనిమిది గంటలు ప్లాంటులో నిలబడే మీకు సరిపోదు. మీకు ఇవ్వజూపింది ఏదో సంతకం చేసే ముందు పూర్తిగా చదవండి.

ఈఎస్ఐకి జీతం పరిమితి 21,000, మీకు అది వర్తిస్తుందో లేదో హెచ్ఆర్‌నే అడిగి తెలుసుకోండి. ఆ లోపు జీతానికి చేరే రిటైరైన వాళ్లకు మాత్రం వయసుతో సంబంధం లేకుండా ఈఎస్ఐ వర్తిస్తుంది, అడిగి చేర్పించుకోవాలి. ఆదాయపు పన్ను లెక్కలో మీ పెన్షన్ కూడా జీతం కిందికే వస్తుంది. జీతానికీ పెన్షన్‌కీ కలిపి స్టాండర్డ్ డిడక్షన్ ఒక్కసారే. కొత్త కంపెనీకి మీ పెన్షన్ సంగతి తెలియదు కాబట్టి రిటర్న్ వేసేటప్పుడు మీరే కలుపుకోవాలి.

సంతకం చేసే ముందు హెచ్ఆర్‌ను మెయిల్‌లో మూడు విషయాలు అడిగి జవాబు తెప్పించుకోండి: 32,000లో కంపెనీ పీఎఫ్ వాటా కలిసి ఉందా లేక అదనమా, కంపెనీ వాటా మొత్తం పీఎఫ్‌కే జమ చేస్తారా, లెటర్‌లో నిర్ణీత కాల నియామకం అని మొదలు, ముగింపు తేదీలతో రాస్తారా. నామినీగా మీ భార్య పేరు పోర్టల్‌లో ఉందో లేదో కూడా ఈ వారమే చూసుకోండి. కొత్త సభ్యత్వంలో ఈడీఎల్ఐ డబ్బు ఆమెకు ఇబ్బంది లేకుండా చేరాలంటే అది సరిగా ఉండాలి.